లోతు సముద్రంలో చలి ఎక్కడి నుంచి వస్తుంది, చేప పొట్ట కింద దీపాలు ఎందుకు

ప్రశ్న: భూమి లోపలికి వెళ్లేకొద్దీ వేడి పెరుగుతుంది కదా, మరి సముద్రంలో లోతుకి దిగేకొద్దీ చల్లగా, చీకటిగా ఎందుకుంటుంది? అక్కడి చేపలు కొన్ని వెలుగుతాయట, ఎలా? చీకట్లో వెలిగితే పెద్ద చేపలకి ఇట్టే దొరికిపోవా?

జవాబు:

భూమి లోపలి వేడి సముద్రం అడుక్కి కూడా చేరుతుంది. కాకపోతే సగటున చదరపు మీటరుకి 0.1 వాట్ మాత్రమే. అగ్నిపర్వతాల బారున ఉండే వేడినీటి బుగ్గల దగ్గర తప్ప దాని ప్రభావం పెద్దగా కనిపించదు. పైనుంచి వచ్చే ఎండ దీనికి వెయ్యి రెట్లు పైనే ఉంటుంది కానీ, ఆ వేడి పైపొర దాటదు. వేడెక్కిన నీరు తేలిక కాబట్టి పైనే ఉండిపోతుంది. గాలి, అలలు దాన్ని కలిపేది మామూలుగా కొన్ని పదుల మీటర్ల వరకే. అందుకే బంగాళాఖాతంలో పైన 28 డిగ్రీలుండే నీరు 1,000 మీటర్ల దగ్గర 6, 7 డిగ్రీలకి, 3,000 మీటర్ల దగ్గర 2 డిగ్రీల కిందికి పడిపోతుంది.

ఎండ అందకపోవడం ఇందులో సగం కారణమే. అంత చల్లటి నీరు అక్కడికి ఎలా వచ్చిందన్నది అసలు సంగతి. అది అంటార్కిటికా తీరం నుంచి వస్తుంది. అక్కడ సముద్రం గడ్డకట్టేటప్పుడు మంచులో ఉప్పు ఇమడదు, కింద నీటిలోనే మిగిలిపోతుంది. చల్లదనం, ఉప్పు రెండూ కలిసి ఆ నీటిని బరువెక్కించి అడుక్కి దించుతాయి. తర్వాత అది నేల వెంబడే వందల ఏళ్లపాటు పాకుతూ ఉత్తరానికి, మన బంగాళాఖాతం దాకా వస్తుంది. దారి లేనిచోట చలి కూడా ఉండదు. మధ్యధరా సముద్రానికీ అట్లాంటిక్‌కీ మధ్య జిబ్రాల్టర్ దగ్గర సుమారు 300 మీటర్ల లోతులోనే గట్టు ఉంది. అట్లాంటిక్ అడుగు నీరు దాన్ని దాటి రాలేదు. అందుకే మధ్యధరాలో 3,000 మీటర్ల లోతున కూడా 13 డిగ్రీల పైనే ఉంటుంది. ఎర్ర సముద్రం అడుగున ఏకంగా 21 డిగ్రీలు దాటుతుంది. కాబట్టి లోతు ఉంటే చాలు చల్లగా ఉంటుందనుకోకండి.

చీకటి లెక్క తేలిక. నీరు వెలుగుని పీల్చేస్తుంది. ఎరుపు ముందు పోతుంది, నీలం అన్నిటికంటే లోతుకి దిగుతుంది. ఎంతో తేటగా ఉన్న నడిసముద్రంలో కూడా ఆ నీలం వెలుగు ప్రతి 75 మీటర్లకి పదో వంతుకి పడిపోతుంది. అంటే 150 మీటర్లకి వందో వంతు, 300 మీటర్లకి పదివేలో వంతు. 1,000 మీటర్లు దాటితే ఎండ లేనట్టే. వరదప్పుడు గోదావరి కలిసే చోటి బురద నీటిలో అయితే ఇంత లోతు అక్కర్లేదు, కొద్ది మీటర్లకే చీకటి.

ఇక వెలిగితే దొరికిపోవా అన్నదానికి: 200 నుంచి 1,000 మీటర్ల మధ్య వెలగకపోతేనే దొరికిపోతారు! అక్కడ పైనుంచి మసక నీలం వెలుగు పడుతుంటుంది. వేటాడే చేప కింద నుంచి పైకి చూస్తే, ఎర చేప ఆ వెలుగు మీద నల్లటి నీడలా కనిపిస్తుంది. ఆ నీడని చెరిపేయడానికే హ్యాచెట్‌ఫిష్ పొట్ట వెలిగిస్తుంది. ఇది కొన్ని సెంటీమీటర్ల పొడవుండే, పక్కల నుంచి నొక్కేసినట్టు పల్చగా ఉండే వెండి రంగు చేప. పొట్ట అంచున వరసగా వెలుగు గొట్టాలుంటాయి. ఒక్కో దానిలో లోపల వెలుగు పుట్టించే కణాలు, వాటి వెనక అద్దంలాంటి పొర, వెలుగు బయటికొచ్చే చోట రంగుని వడకట్టే పొర ఉంటాయి. బయటికొచ్చే నీలం పైనుంచి పడే నీలానికి దాదాపు సరిపోతుంది. ఒక దీపం మాత్రం చేప కంటివైపే తిరిగి ఉంటుంది. తన వెలుగుని పైవెలుగుతో పోల్చుకోవడానికే అది ఉందని శాస్త్రవేత్తల అంచనా.

వెలుగు పుట్టేది రసాయన చర్యతో. లూసిఫెరిన్ అనే పదార్థం ఆక్సిజన్‌తో కలుస్తుంది, లూసిఫరేజ్ అనే ఎంజైమ్ ఆ పని జరిపిస్తుంది. అప్పుడు విడుదలయ్యే శక్తి వెలుగుగా బయటికొస్తుంది, వేడి దాదాపు ఉండదు. చాలా జీవులు లూసిఫెరిన్‌ని సొంతంగా చేసుకోలేవు, తిండిలోంచే తెచ్చుకోవాలి. అమెరికా పడమటి తీరంలోని మిడ్‌షిప్‌మన్ చేప దీనికి మంచి ఉదాహరణ. అక్కడి పుగెట్ సౌండ్ అనే సముద్రపు పాయలో ఉండేవాటికి వందల దీపాలున్నా వెలగవు, ఎందుకంటే లూసిఫెరిన్ ఉన్న, పెంకు తొడుగుండే ఒక చిన్న సముద్ర జీవి అక్కడి తిండిలో దొరకదు. దాన్ని తినిపిస్తే అవే చేపలు వెలుగుతాయి.

పొట్ట దీపాలకి హద్దులున్నాయి. పైవెలుగు మరీ ఎక్కువైతే అంత వెలుగు పుట్టించలేవు. ఇలా పొట్ట వెలిగించే జీవులు చాలావరకు పగలు లోతునే ఉండి, రాత్రి పైకొచ్చి మేయడానికి ఇదొక కారణం. దగ్గరికొచ్చి చూస్తే దీపాలు విడివిడి చుక్కలుగా తెలిసిపోతాయి. పైగా కొన్ని వేట చేపల కంటి కటకం పసుపు రంగులో ఉంటుంది. అది పైనుంచి వచ్చే నీలాన్ని ఎక్కువగా ఆపి, దీపాల వెలుగులో కలిసిన కొంచెం పచ్చ ఛాయని లోపలికి పోనిస్తుంది. దాంతో మనం చూస్తే కలిసిపోయిన పొట్ట, వాటికి వేరుగా కనిపిస్తుంది.