యంత్రాలు కొనే ముందు ఒక సీసా లేబుల్ రాసి చూడండి

ప్రశ్న: మాది ఖమ్మం. రెండేళ్లుగా ఇంట్లోనే ఆవకాయ, గోంగూర పచ్చడి పెట్టి వాట్సాప్ స్టేటస్, ఇన్‌స్టాగ్రామ్ ద్వారా అమ్ముతున్నాను. అప్పుడప్పుడు చెక్కలు కూడా. నెలకు 40 అరకిలో సీసాలు పోతాయి, సగం ఊళ్లో, హైదరాబాద్‌లో, మిగతా సగం విజయవాడకు, బెంగళూరుకు. సీసా 280 రూపాయలు, కొరియర్ వేరు. ఈ మధ్య బెంగళూరు నుంచి ఒకావిడ 'మీ సీసా మీద లైసెన్స్ నంబరు లేదు, ఎక్స్‌పైరీ డేటు లేదు, ఎలా తినాలి' అని అడిగారు. అప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. అన్నీ పద్ధతిగా చేద్దామని, బంగారం పెట్టి 2 లక్షల లోన్ తీసుకుని గ్రైండర్, సీలింగ్ మెషీన్ కొనాలనుకుంటున్నాను. సీసాకు 130 మిగులుతోంది కాబట్టి కట్టగలను అనుకుంటున్నాను. ఇది సరైన నిర్ణయమేనా?

జవాబు: బంగారం ప్రస్తుతానికి లాకర్లోనే ఉండనివ్వండి అమ్మా. ముందు ఒక సీసా లేబుల్ మీద ఏమేం రాయాలో కాగితం మీద పెట్టి చూద్దాం. అందులో ప్రతి గడీ వెనకా డబ్బు లెక్క ఉంది. ఆ లెక్క తేలాక లోన్ సంగతి తనంతట తనే తేలుతుంది.

బెంగళూరు ఆవిడ అడిగింది న్యాయమే. తినే వస్తువు ఇంట్లో చేసి అమ్మినా కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర నమోదు కావాలి. ఏడాది అమ్మకాలు 12 లక్షల లోపే ఉన్న మీలాంటి వారికి పెద్ద లైసెన్స్ అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ చాలు. foscos.fssai.gov.in లో ఫారం ఎ నింపి, ఫొటో, గుర్తింపు కార్డు పెట్టి, మీరు చేసే వస్తువులన్నీ చూపిస్తే సరి. 2011 నిబంధనల్లో పెట్టిన రుసుం ఏడాదికి 100 రూపాయలు. చెక్కలు కూడా అమ్ముతున్నారు కాబట్టి ఆ జాబితాలో అవీ చేర్చండి, చాలామంది పచ్చళ్లు రాసి ఊరుకుంటారు. వచ్చిన 14 అంకెల నంబరును ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తుతో పాటు సీసా మీద వేయాలి.

ఇక లేబుల్. తెలుగులో మాత్రమే రాస్తే చాలదు. వివరాలు ఇంగ్లిష్‌లో గానీ హిందీలో గానీ ఉండాలి, దానితో పాటు తెలుగు ఎంతైనా రాసుకోవచ్చు. వాడిన పదార్థాలు బరువు ఎక్కువున్నది ముందు, తక్కువున్నది వెనక వచ్చేలా వరుసగా రాయాలి. ఆవకాయకు మామిడి ముక్కలు ముందు వస్తాయి, ఆ తర్వాత నూనె, కారం, ఉప్పు, ఆవపిండి మీ కొలతల ప్రకారం. 'నూనె' అని వదిలేయకుండా ఏ నూనో రాయండి. నువ్వుల నూనె ధర పెరిగిందని ఒక బ్యాచ్‌కు వేరుశనగ నూనె పోస్తే ఆ బ్యాచ్‌కు లేబుల్ మారాలి, ఎందుకంటే వేరుశనగ పడని వాళ్లుంటారు. దాన్ని విడిగా 'వేరుశనగ ఉంది' అని చెప్పాల్సిన వస్తువుల్లో చేర్చారు. చెక్కల్లో మీరు పల్లీలు వేస్తే, వెన్న వేస్తే అక్కడా అంతే. పోషక విలువల పట్టిక కూడా ఉండాలి. అది ప్రతి బ్యాచ్‌కూ చేయించేది కాదు, ఒక్కో రకానికి ఒకసారి ల్యాబ్‌లో చూపించుకుని, కొలతలు మార్చనంత కాలం అదే వాడండి. చతురస్రంలో ఆకుపచ్చ చుక్క మరచిపోకండి.

పేరు, పూర్తి చిరునామా కూడా వేయాలి. ఇంటి చిరునామా అందరికీ తెలుస్తుందని ఇక్కడే చాలామంది ఆడవాళ్లు వెనకాడతారు, ఫోన్ నంబరు సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. తూనికల కొలతల శాఖ నిబంధనల ప్రకారం ఫిర్యాదు చేయడానికి ఫోను, ఈమెయిలు కూడా ఇవ్వాలి. ఆ శాఖ దగ్గర ప్యాకింగ్ చేసేవారిగా నమోదు విడిగా ఉంటుంది, మొదలుపెట్టిన 90 రోజుల్లోగా చేయించుకోవాలి. నికర బరువు, అన్ని పన్నులతో కలిపి ఎంఆర్‌పీ వేయాలి. కిలోలోపు సీసా కాబట్టి గ్రాము ధర కూడా వేయాలి. 280కి అరకిలో అంటే గ్రాముకు 56 పైసలు. ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు కాబట్టి కొనేవాళ్లకు ఈ వివరాలు ఆర్డరుకు ముందే కనిపించాలి. లేబుల్ ముందూ వెనకా ఫొటో తీసి పోస్టులో పెట్టడం తేలిక. 'హోమ్ మేడ్' లాంటి మాటలు కొనేవాళ్లను తప్పుదారి పట్టించేలా వాడకూడదని 2018 నాటి ప్రకటనల నిబంధనల్లో ఉంది. ఇవాళ మీరు ఇంట్లోనే చేస్తున్నారు. రేపు ఎవరితోనైనా బయట చేయించి మీ సీసాలో పోస్తే ఆ మాట నిలవదు. లేబుల్ తప్పుగా ఉంటే 3 లక్షల దాకా జరిమానా వేసే సెక్షన్ చట్టంలో ఉంది. అంత వేస్తారని కాదు, ఆ సెక్షన్ అలా ఉందని తెలిసుండాలి.

అన్నిటికంటే ఖరీదైన గడి ఎక్స్‌పైరీ డేటు. పక్క బ్రాండు మీద 12 నెలలని ఉంది కాబట్టి మనమూ 12 రాద్దామనుకోకండి. ప్రతి బ్యాచ్‌లో రెండు సీసాలు అమ్మకుండా పక్కన పెట్టండి, ఒకటి తీయకుండా, ఒకటి వాడుతున్నట్టు మూత తీసి మూస్తూ. నెలకోసారి చూడండి. ముక్క సరిగా ఆరకపోతే పైన నూనె కింద నీళ్లు విడిగా కనిపిస్తాయి, తర్వాత అంచు దగ్గర తెల్లటి బూజు వస్తుంది. మూత పైకి ఉబ్బినా, తీయగానే బుస్సుమన్నా లోపల పులుస్తోందని అర్థం. చెక్కలకు బూజుకంటే ముందు పాత నూనె వాసన వస్తుంది, ఒకసారి వేయించిన నూనెలోనే మళ్లీ మళ్లీ వేయిస్తే ఇంకా త్వరగా వస్తుంది. మీ సీసా ఎనిమిదో నెలలో తేడా చూపిస్తే లేబుల్ మీద ఆరు నెలలే రాయండి. ఈ పని పూర్తయ్యేదాకా మీకు తెలిసిన కాలమెంతో అంతే రాయండి, అది మూడు నెలలే అయినా సరే.

బ్యాచ్ నంబరు కూడా ఇలాంటిదే. గతంలో నా దగ్గరకు వచ్చిన ఒకావిడకు వర్షాకాలంలో ఒక జాడీ ఆవకాయలో చెమ్మ చేరింది. చెడింది ఆ 20 సీసాలే. నంబర్లు లేవు కాబట్టి ఏ సీసా ఎవరికి వెళ్లిందో తెలియక 70 మందికి డబ్బు తిరిగి ఇచ్చారు. నంబరు పెద్ద తతంగమేమీ కాదు, పెట్టిన తేదీనే బ్యాచ్ నంబరుగా వాడుకోవచ్చు. లేబుల్‌లో మారని వివరాలన్నీ అచ్చు వేయించి, బ్యాచ్‌కూ తేదీలకూ ఖాళీ వదిలి స్టాంపు కొట్టండి. మామూలు పెన్నుతో రాస్తే నూనె తగలగానే చెరిగిపోతుంది, నూనెకు చెదరని సిరా తీసుకోండి.

ఇప్పుడు మీరన్న 130 లెక్క. ఆ 150 ఖర్చులో మీరు ఏమేం కలిపారో ఊహించగలను. నేను ఇలా వేశాను, మీ బిల్లులతో సరిచూసుకోండి. సరుకులు 135, సీసా మూత 18, లోపలి సీలు 3, లేబుల్ 4, అట్టపెట్టె టేపు 15, గ్యాసు కరెంటు 5, దారిలో పగిలినవీ కారినవీ మళ్లీ పంపే ఖర్చు సగటున 8. మొత్తం 188. అంటే సీసాకు మిగిలేది 92. నెలకు 40 సీసాల మీద 3,680. మీ చాకిరీకి ఇంకా కూలి కట్టలేదు.

దీని మీద జీఎస్‌టీ ఉంది. తెలంగాణలో వస్తువులు అమ్మేవారికి 20 లక్షల లోపు అమ్మకాలకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, మీరు అక్కడికి ఎక్కడా రారు. కానీ ఆ వెసులుబాటు రాష్ట్రం లోపల అమ్మేవారికే. పన్ను ఉన్న వస్తువును వేరే రాష్ట్రంలో అమ్మితే మొదటి సీసా నుంచే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 2014 నుంచి విజయవాడ మీకు వేరే రాష్ట్రం. ఖమ్మం నుంచి హైదరాబాద్ కంటే విజయవాడ దగ్గరే అయినా హైదరాబాద్ సీసాకు ఒక లెక్క, విజయవాడ సీసాకు ఇంకో లెక్క. చిన్న వ్యాపారులు అమ్మకాల మీద ఒక శాతం కట్టే కాంపోజిషన్ పద్ధతి కూడా వేరే రాష్ట్రాలకు పంపేవారికి లేదు. ఒకసారి రిజిస్టరయ్యాక ఊళ్లో అమ్మే సీసా మీదా పన్ను కట్టాలి. పచ్చళ్ల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి పన్ను 5 శాతం.

280 ఎంఆర్‌పీలో పన్ను 13 రూపాయల 33 పైసలు. అది పోతే మీకు మిగిలేది 78 రూపాయల 67 పైసలు. 40 సీసాలకు 3,147. రిటర్నులు వేసే అకౌంటెంటుకు నెలకు 600 అనుకుంటే 2,547. సీసా, పెట్టె మీద మీరు కట్టిన పన్ను కొంత వెనక్కి వస్తుంది కానీ చిన్న మొత్తమే. బయటి రాష్ట్రాలు మానేసి 20 సీసాలే అమ్మితే, జీఎస్‌టీ లేకుండా 1,840 మిగులుతుంది. అంటే బెంగళూరు, విజయవాడ ఆర్డర్ల కోసం ఇంకో 20 సీసాలు పెట్టి, ప్యాక్ చేసి, పంపితే మీకు వస్తున్నది 707 రూపాయలు!

అందుకని ఆ ఆర్డర్లు మానేయమని చెప్పను. ధర పెంచమంటాను. 320 చేస్తే పన్ను పోగా సీసాకు దాదాపు 117 మిగులుతుంది, 40 సీసాలకు అకౌంటెంటు ఖర్చు తీసేస్తే నెలకు 4,070 దాకా. గ్రాముకు 64 పైసలు అవుతుంది, లేబుల్ మీద అదీ మార్చండి. కొందరు పాత కస్టమర్లు తగ్గుతారు. పది సీసాలు తగ్గి 30 పోయినా 2,900 మిగులుతాయి, అంటే 280కి 40 అమ్మినదానికంటే ఎక్కువే. జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ చేతికి వచ్చేదాకా మాత్రం బయటి రాష్ట్రాల ఆర్డర్లు ఆపండి.

ఇప్పుడు మీ లోన్. 2 లక్షలకు నూటికి రూపాయి వడ్డీ అనుకున్నా నెలకు 2,000. ఇవాళ్టి ధరకు మిగిలే 2,547లో అసలు ఒక్క రూపాయి తీరకుండానే 2,000 వడ్డీకి పోతుంది. నెలకు 40 సీసాలకు మీ ఇంటి మిక్సీ, చేతితో వేసే సీలు సరిపోతున్నాయి కదా. మీకు డబ్బు నిజంగా కావాల్సింది మెషీన్లకు కాదు, వేసవిలో మామిడికాయకు. మీ 40 సీసాల్లో సగం ఆవకాయ అనుకుంటే నెలకు 20 చొప్పున ఏడాదికి 240. ఒక్కో సీసాకు 135 రూపాయల సరుకు అనుకుంటే 32,400 ఒక్కసారే పెట్టాలి, అమ్మకం నెలనెలా చుక్కచుక్కగా వస్తుంది. అది కూడా మీ ఆవకాయ ఏడాది నిలుస్తుందని పక్కన పెట్టిన సీసాలు చెబితేనే. ఆరు నెలలే నిలిస్తే 120 సీసాలకు 16,200 చాలు.

అందుకే ఇవాళ్టి నుంచే పచ్చళ్ల డబ్బుకు వేరే ఖాతా, వేరే యూపీఐ పెట్టుకోండి, ఇంటి ఖర్చులు అందులోంచి తీయకండి. కొత్త ధరకు వచ్చే మిగులులో నెలకు 2,500 అక్కడే వదిలితే ఏడు నెలల్లో 17,500 అవుతుంది. వేసవి అంతకంటే ముందే వస్తే, తక్కువపడిన మొత్తానికి మాత్రమే ఒక గొలుసు పెట్టి తీసుకుని, సీసాలు అమ్మిన కొద్దీ తీర్చేయండి. గ్రైండర్ మాట నెలకు 100 సీసాలు దాటి, మిక్సీ నిలబడలేక ఆర్డర్లు వెనక్కి పంపే రోజు వచ్చాక మళ్లీ అడగండి.