అమ్మకి పెట్టే మెసేజ్ మరదలు చదవాల్సి వస్తే

"మేడమ్, నేను బెంగళూరులో ఉంటాను. అమ్మ కందుకూరు దగ్గర పల్లెలో తమ్ముడి వాళ్ళతో ఉంటుంది, వయసు 64. చిన్నప్పుడు బడికి పోలేదు, పెళ్ళయ్యాక అక్షరదీపం రాత్రి బడిలో కూడబలుక్కుని చదవడం నేర్చుకుంది. పోయిన నెల షుగరు టెస్టుకి ఏమీ తినకుండా పొమ్మని వాట్సాప్‌లో వివరంగా రాశాను. అమ్మ రెండు ఇడ్లీలు తిని ఒంగోలు దాకా పోయి ఉత్త చేతులతో తిరిగొచ్చింది. నా మెసేజ్‌లు చదివిపెట్టేది మరదలే, సరిగ్గా చెప్పదు. ఆ మెసేజ్ కింద పెడుతున్నా, చూడండి. మరదలికి బుద్ధొచ్చేలా ఎట్లా చెప్పాలి? లేకపోతే అన్నీ వాయిస్ మెసేజ్‌లే పెట్టమంటారా?"

అమ్మాయ్, మీ మరదలికి ఏం చెప్పాలో నేను చెప్పను, అసలు గొడవ అక్కడ లేదు. నువ్వు పంపిన ఆ మెసేజ్ నాలుగుసార్లు చదివాను. "ఈ 14న ఫాస్టింగ్ టెస్ట్ రీషెడ్యూల్ అయింది, ఎర్లీ మార్నింగ్ వెళ్ళాల్సి ఉంటుంది కాబట్టి ముందు రోజు రాత్రి తర్వాత ఏమీ తినకుండా ఉంటే మంచిది, టాబ్లెట్ సంగతి డాక్టర్‌ని కనుక్కుని చెప్తా, ఇంట్లోవాళ్ళు ఎటూ పట్టించుకోరు కాబట్టి నువ్వే గుర్తుపెట్టుకో." ఆ చివరి ముక్క ఎవరి కోసం రాశావు? అమ్మ కోసమైతే కాదు. అమ్మ ఫోన్ తీసుకుపోయి ఇచ్చేది మరదలి చేతికే అని నీకు తెలుసు, ఆ పిల్ల గట్టిగా చదవాలి, పక్కన అమ్మ తలొంచుకుని వినాలి. మీ ఇద్దరి మధ్య అమ్మని గోడలాగా నిలబెట్టావు, దీన్ని నేను మాత్రం క్షమించలేను.

ఇంకో సంగతి, నాకు దగ్గరది కాబట్టి చెప్తున్నా. అక్షరదీపం రోజుల్లో నేను కూడా వాలంటీరుగా రాత్రిళ్ళు చదువు చెప్పాను. పొద్దంతా పొలంలో వంగి నాట్లేసి వచ్చిన ఆడవాళ్ళు లాంతరు ముందు కూర్చుని, వేలు అక్షరం కింద పెట్టి, పెదాలు కదుపుతా, ఒక్కో గుణింతం పలికేవాళ్ళు. ఆ వాచకంలో తాగుడు గురించిన పాఠం చదివే నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మీదకి పోయారు, 1993కల్లా రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. మీ అమ్మ నేర్చుకున్న చదువు ఆ చదువు. ఆమెకి చదవడం రాదనుకోవద్దు, నువ్వు రాసేది ఆమె చదివే పద్ధతిలో లేదు, అంతే తేడా.

ఆ పద్ధతి ఏందో చెప్తా. అట్లా చదివేవాళ్ళు ఒక్కో అక్షరం పోగు చేసుకుంటా పోతారు, మాట పొడుగైతే చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోతారు. "వెళ్ళాల్సి ఉంటుంది" అని చదివేలోపు ఎవరు పోవాలో ఎక్కడికి పోవాలో జారిపోద్ది. "నువ్వు పోవాలి" అంటే చాలు. ఇంగ్లీష్ మాట వాడొచ్చా, అచ్చ తెలుగు రాయాలా అని కొట్టుకోవద్దు, అమ్మ నోట్లో ఏ మాట తిరుగుతుందో అదే రాయి. "రక్త పరీక్ష"లో క్త, క్ష రెండూ గట్టి వత్తులు, "మధుమేహం" అసలు ఎవరి నోట్లోనూ లేదు, "షుగరు టెస్టు" ఆమె రోజూ అనే మాట. ఒంగోలు అనే మాట ఆమె కూడబలుక్కోదు, బస్సు బోర్డు మీద చూసీ చూసీ బొమ్మలాగా గుర్తుపడుతుంది. మంగళవారం పొడుగు మాటే అయినా క్యాలెండర్‌లో చూసిందే, అందుకే 14న అని రాయకుండా మంగళవారం అని రాయి.

ఇప్పుడు ఇడ్లీల సంగతికి వద్దాం. "తినకుండా ఉంటే మంచిది" అన్నావు. ఆ వద్దనే అర్థం మాట మధ్యలో, కుండా అనే చోట దాక్కుని ఉంది. అలిసిపోయిన కళ్ళకి ముందు కనపడేది "తిన". పైగా "మంచిది" అంటే ఎవరికైనా తింటే పెద్దగా ఏం కాదనే అనిపిస్తుంది. వద్దు అనేదాన్ని విడిగా, దాని కాళ్ళ మీద అది నిలబడేలా రాయి. ఒక మెసేజ్‌లో ఒకే పని పెట్టు, చేసే వరసలోనే పెట్టు:

"అమ్మా. మంగళవారం షుగరు టెస్టు. ఒంగోలు పోవాలి."

ఇది ఆదివారం. అంతే, ఇంకేం కలపొద్దు. సోమవారం సాయంత్రం ఇది:

"రాత్రి 8కి అన్నం తిను."

ఆమె దగ్గర్నుంచి ఏదో ఒక జవాబు వచ్చాక, ఇది:

"రేపు పొద్దున టిఫిన్ వద్దు. కాఫీ వద్దు. మంచినీళ్ళు తాగు. టెస్టు అయ్యాక తిను."

నీళ్ళ మాట ఎందుకంటే, ఏమీ తినొద్దంటే నీళ్ళు కూడా ముట్టకుండా ఎండలో బస్సెక్కే పెద్దవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ టెస్టుకి కనీసం 8 గంటలు తిండి ఉండకూడదు, మంచినీళ్ళకి అడ్డు లేదు. రాత్రి 8కి తింటే పొద్దున్నే ల్యాబ్‌కి పోయేసరికి సరిపోద్ది. ఆ 8 గంటల లెక్క నువ్వు చేసుకో, ఆమెకి రాసి పంపొద్దు. షుగరు మాత్ర పొద్దున వేసుకోవాలా వద్దా అనేది ముందే డాక్టర్‌ని అడిగి "మాత్ర వద్దు" అనో "మాత్ర వేసుకో" అనో ఒక్క ముక్క రాయి. కనుక్కుని చెప్తా అని రాయబాకు, అది నీ తలలో ఉండాల్సిన పని, అమ్మకి పంపేది కాదు.

తెలుగు అక్షరాల్లోనే టైప్ చెయ్యి. వాయిస్ టైపింగ్ వాడినా సరే, పంపే ముందు ఒకసారి చూసుకో, వద్దు అనేది ఎగిరిపోతే ఇంకో రెండు ఇడ్లీలు. తమ్ముడికి చెప్పి అమ్మ వాట్సాప్ సెట్టింగ్స్‌లో చాట్స్ లోపల ఫాంట్ సైజ్ పెద్దది చేయించు, ఇంకా చాలకపోతే ఫోన్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో కూడా పెంచమను. అక్షరం పెద్దదైతే వత్తు కనపడుద్ది.

వాయిస్ మెసేజ్‌ల గురించి అడిగావు. కబుర్లకి పెట్టుకో, బాగుంటది. పని చెప్పడానికి మాత్రం అదొక్కటే చాలదు, పొద్దున ఆరింటికి వంటింట్లో నిలబడి కాఫీ వద్దందా టిఫిన్ వద్దందా అని అనుమానమొస్తే మళ్ళీ మొదట్నుంచీ మొత్తం వినాలి, పైగా వసారాలో ఉన్నవాళ్ళందరూ వింటారు. రాత మీద అయితే వేలు పెట్టి చూసుకుంటది. రెండూ పెట్టాలనుకుంటే రెండింట్లో అవే మాటలు పెట్టు, వాయిస్‌లో ఒకటి రాతలో ఒకటి అయితే ఏది నిజమో ఆమెకి తెలీదు.

మరదలికి ఈ రోజే ఫోన్ చెయ్యి. ఆ చివరి లైను రాసింది తప్పని చెప్పు, ఇంకేం ఎత్తబాకు. ఆ లైను చదివేటప్పుడు ఆ పిల్ల గొంతు ఎట్లుందో అమ్మ నీకు ఎప్పటికీ చెప్పదు.

సోమవారం రాత్రి అమ్మకి ఫోన్ చేసినప్పుడు "మెసేజ్ చూశావా, అర్థమైందా" అని అడగొద్దు. కూతురి ముందు రాదని చెప్పుకోవడానికి ఏ తల్లికీ మనసొప్పదు, "ఆఁ చూశాలే" అంటది, "నువ్వు చెప్పినట్టే చేస్తాలే" అంటది, అట్లా అందంటే చదవలేదనే. "రేపు పొద్దున లేచి ఏం చేస్తావమ్మా" అని అడుగు. "కాఫీ తాగను, నీళ్ళు తాగి పోతా, వచ్చేటప్పుడు బస్టాండులో తింటా" అని తనంతట తను చెప్పిందంటే, ఆ విషయం మీద ఇంకో మెసేజ్ పెట్టబాకు.