బ్లౌజుల షాపుకి స్వాట్ టేబుల్

"లోన్ కోసం స్వాట్ టేబుల్, అంటే షాపు బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు రాసే పట్టిక అడిగారు. నాది 2 మిషన్ల బ్లౌజుల షాపు. పండగలప్పుడు డెలివరీ లేటవడం 'ముప్పులు'లో రాశాను, కరెక్టేనా?"

కాదండీ, అది బలహీనతల్లో రాయాలి. షాపు లోపలివి, మీరు మార్చుకోగలిగినవి పై వరుసలోకి వస్తాయి. బయటి నుంచి వచ్చేవి కిందికి. మీ షాపుకైతే దాదాపు ఇలా ఉంటుంది:

| బలాలు | బలహీనతలు |
|---|---|
| ఫిట్టింగ్ బాగుంటుంది. పాత కస్టమర్లున్నారు | శ్రావణంలో డెలివరీ లేటు. కటింగ్ చేసేది ఒక్కరే |
| అవకాశాలు | ముప్పులు |
| పెళ్లిళ్ల సీజన్. మగ్గం వర్క్‌కి గిరాకీ | రెడీమేడ్ బ్లౌజులు. లైనింగ్ గుడ్డ ధర పెరగడం |

లోన్ దేనికి అడగాలో ఆ బలహీనతల గడే చెబుతుంది. రద్దీ రోజుల్లో షాపులో గమనించండి. కత్తిరించిన ముక్కలు మిషన్ పక్కన పేరుకుపోతుంటే కుట్టేవాళ్లు చాలట్లేదని అర్థం, అప్పుడు మూడో మిషన్‌తో పాటు దాని మీద కూర్చునే మనిషి కూడా కావాలి. మిషన్లు ఖాళీగా ఉండి బ్లౌజు పీసులు కవర్లలోనే ఉంటే కటింగ్ దగ్గరే పని ఆగుతోంది. అలాంటప్పుడు కొత్త మిషన్ కొన్నా లేటు తగ్గదు, కటింగ్‌కి ఇంకొకరిని పెట్టుకోవాలి.

ఈలోగా లెక్క కట్టి ఆర్డర్లు తీసుకోండి. రోజుకి 6 బ్లౌజులు పూర్తవుతుంటే, వరలక్ష్మీ వ్రతానికి ఇంకా 10 రోజులున్నప్పుడు చేతిలో 60 కంటే ఎక్కువ ఉండకూడదు. హుక్స్, చేతిపని మిగిలిపోతాయి కాబట్టి నేనైతే 50 దగ్గరే ఆపేస్తాను.