ముందుకు అంటే ఎటు? ట్యూషన్ మెసేజ్ రాస్తున్న చెల్లెమ్మకి

చెల్లెమ్మా,

నువ్వు పంపిన మెసేజ్ నిన్న రాత్రి రెండుసార్లు చదివా, పొద్దున్న లేచి ఇంకోసారి చదివా. కథలూ వ్యాసాలూ రాయడం నేర్చుకోవాలని ఉందక్కా, కానీ ముందు ఈ పేరెంట్స్ మెసేజ్ ఒకటి చూసిపెట్టు అన్నావు కదా, మంచిపని చేశావు. నేను ఇన్నేళ్ళు రాస్తూనే ఇంకోపక్క ట్యూషన్ చెప్పా, ఇలాంటి మెసేజ్‌లు చాలా పంపా. కథలో ఒక మాట తప్పుగా పడితే చదివేవాళ్ళు ఏదోలా సర్దుకుంటారు, ఇందులో పడితే మాత్రం ఒక పిల్లాడు తలుపేసున్న గది ముందు బ్యాగ్ తగిలించుకుని నిలబడతాడు. అందుకే ఈ నాలుగు లైన్ల గురించి ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నా.

నువ్వు రాసింది ముందు ఇక్కడ పెడతా, నీకే మళ్ళీ కొత్తగా కనపడుతుంది.

"గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం. పిల్లల భవిష్యత్తుకి పరీక్షలు ఎంత ముఖ్యమో మీకు తెలియనిది కాదు. అనివార్య కారణాల వల్ల వచ్చే ఆదివారం జరగాల్సిన మన మ్యాథ్స్ క్లాస్‌ను ముందుకు జరపడమైనది. క్లాస్ బుధవారం సాయంత్రం యథావిధిగా జరుగును. దయచేసి అందరూ సహకరించగలరు. అసౌకర్యానికి చింతిస్తున్నాము."

ఇందులో నన్ను ఎక్కువ భయపెట్టింది "ముందుకు జరపడం" అన్న మాట. నువ్వు అనుకున్నది ఆదివారం కంటే ముందొచ్చే బుధవారం అని. కానీ మన తెలుగులో ముందుకు జరపడం అంటే కొంతమందికి తేదీ దగ్గరికి రావడం, ఇంకొంతమందికి తేదీ అవతలికి పోవడం, ఎందుకంటే "ముందు ముందు ఏం జరుగుతుందో" అన్నప్పుడు అదే మాట రాబోయే రోజులకి వాడతాం, "ముందే చెప్పాను కదా" అన్నప్పుడు అదే మాట అయిపోయిన రోజులకి వాడతాం. వెనక్కి అన్నా అదే గొడవ. రెండు అర్థాలూ తప్పు కాదు, అందుకే ఎవరికీ డౌట్ రాదు, ఎవరికి వాళ్ళకి తమ అర్థమే సరైందనిపిస్తుంది, కాబట్టి నిన్ను అడగరు కూడా. ఫోన్ చేసి అడిగేవాళ్ళతో ప్రాబ్లం లేదు, అర్థమైపోయిందనుకున్నవాళ్ళతోనే.

నాకు ఒకసారి సరిగ్గా ఇదే జరిగింది. పరీక్షల ముందు "ఆదివారం క్లాస్ బుధవారానికి మార్చాను" అని రాశా, తేదీ వేయలేదు. నా ఉద్దేశం ఆదివారం కంటే ముందు బుధవారం, ముగ్గురు పేరెంట్స్ మాత్రం ఆదివారం అయిపోయాక వచ్చే బుధవారం అనుకున్నారు, అంటే అప్పటికి పరీక్ష కూడా అయిపోతుంది, అయినా ఎవరికీ తట్టలేదు. ఆ ముగ్గురు పిల్లలూ క్లాస్‌కి రాలేదు. ఇంకో ఇద్దరు అసలు మెసేజ్ చూడలేదేమో, అలవాటు ప్రకారం ఆదివారం పొద్దున వచ్చి తలుపు కొట్టి కాసేపు నిలబడి వెళ్ళిపోయారు, నాకు ఆ సంగతి మధ్యాహ్నం తెలిసింది. ఆ రోజు పడిన బాధ ఇంకా గుర్తుంది. అప్పట్నుంచి జరపడం, మార్చడం, ముందుకు, వెనక్కి అన్న మాటల మీదే మెసేజ్ నిలబెట్టడం మానేశా. ఏ రోజు క్లాస్ లేదో ఒక వాక్యం, ఏ రోజు ఉందో ఇంకో వాక్యం, రెండిట్లోనూ వారం పేరు, తేదీ.

వారం పేరు ఒక్కటే చాలదా అంటావేమో. నువ్వు ఇది గురువారం, మార్చి 5న పంపుదామనుకుంటున్నావు. ఆ రోజు "వచ్చే ఆదివారం" అని చదివితే సగంమంది 8 అనుకుంటారు, సగంమంది 15 అనుకుంటారు. నువ్వు తీసేసేది 15. 8వ తేదీ క్లాస్ మామూలుగానే ఉంది, కానీ ఆ ముక్క నీ మెసేజ్‌లో ఎక్కడా లేదు, కాబట్టి 8న నీ క్లాస్ సగం ఖాళీగా ఉన్నా ఆశ్చర్యం లేదు. మరి తేదీ ఒక్కటే వేస్తే సరిపోతుందా అంటే అదీ కాదు, తేదీ టైప్ చేసేటప్పుడు వేలు జారుతుంది, పక్కన వారం పేరు ఉంటే రెండూ కలవట్లేదని ఎవరో ఒకరు పట్టుకుంటారు. పంపేముందు క్యాలెండర్ తెరిచి రెండూ కలుస్తున్నాయో లేదో చూడు. "రేపు", "ఎల్లుండి" కూడా వద్దు, ఈ రాత్రి పంపింది కొందరు రేపు పొద్దున చదువుతారు, ఇంకొకరు ఇంకెవరికో ఫార్వర్డ్ చేస్తారు, అప్పటికి ఆ రేపు ఇంకో రోజైపోతుంది.

తర్వాత "యథావిధిగా". మీ ఆదివారం క్లాస్ పొద్దున 10కి. బుధవారం సాయంత్రం యథావిధిగా అంటే ఎన్నింటికి? చోటు యథావిధా, టైమ్ యథావిధా? స్కూల్ ఉన్న రోజు సాయంత్రం అంటే పిల్లలు ఇంటికొచ్చి మొహం కడుక్కుని మళ్ళీ బయల్దేరాలి, పేరెంట్స్ పని నుంచి రావాలి, కాబట్టి మొదలయ్యే టైమ్ కంటే అయిపోయే టైమ్ వాళ్ళకి ఇంకా ముఖ్యం, ఎవరు తీసుకెళ్ళాలి అన్నది దాని మీదే ఆధారపడుతుంది. చాలామంది టీచర్లు మొదలయ్యే టైమ్ రాసి వదిలేస్తారు, ఆ తర్వాత ఒక్కొక్కరే "ఎన్నింటికి వదులుతారండీ" అని అడుగుతూనే ఉంటారు.

ఇంకోటి, ఫోన్‌లో నోటిఫికేషన్ వచ్చినప్పుడు కనపడేది మొదటి ఒకటి రెండు లైన్లే. నీ మెసేజ్‌లో ఆ చోటు మొత్తం గౌరవనీయులైన తల్లిదండ్రులూ, పిల్లల భవిష్యత్తూ తీసేసుకున్నాయి. పనిలో ఉన్న అమ్మో నాన్నో ఆ రెండు లైన్లు చూసి ఏదో పరీక్షల గురించి మంచిమాటలు, తర్వాత చదువుదాంలే అనుకుంటారు. నమస్కారం ఉండాలి, కానీ ఒక్క మాట చాలు, వెంటనే అసలు సంగతి.

"అనివార్య కారణాల వల్ల" తీసెయ్యి. నీ దగ్గర దాచుకోవాల్సినంత కారణం లేదు, నాతో ఫోన్‌లో చక్కగా చెప్పావు కదా, సోమవారం పరీక్ష పెట్టుకుని ఆదివారం క్లాస్ పెడితే పిల్లలు కొత్త డౌట్లతో ఇంటికెళ్తారు, వాటిని ప్రాక్టీస్ చేసుకునే టైమ్ ఉండదు, రాత్రంతా కంగారు పడతారు, అదే బుధవారం అయితే గురు, శుక్ర, శని, ఆది నాలుగు రోజులు చేతిలో ఉంటాయి అని. అదే రాయి. అంత మంచి కారణం చెప్పకపోతే టీచర్‌కి ఆదివారం ఏదో సొంత పని ఉందనుకుంటారు. అలాగని ఈ క్లాస్ మిస్ అయితే మార్కులు పోతాయి లాంటి మాట మాత్రం పెట్టకు, రాలేని పిల్లల ఇంట్లో ఆ ఒక్క లైన్ వల్ల వారం రోజులు మనశ్శాంతి ఉండదు.

రాలేనివాళ్ళ గురించి నువ్వసలు ఏమీ రాయలేదు. సహకరించగలరు అన్నావంతే. బుధవారం సాయంత్రం వేరే క్లాస్ ఉన్నవాళ్ళు, తీసుకురావడానికి ఎవరూ లేనివాళ్ళు ఒకరో ఇద్దరో ఖచ్చితంగా ఉంటారు. వాళ్ళకి నువ్వు నిజంగా చేయగలిగింది ఒక్కటి చెప్పు, చేయలేనిది ఒప్పుకోకు. శనివారం ఒక గంట డౌట్స్‌కి కూర్చోగలను అన్నావు కాబట్టి అది చాలు. ఇంకో సంగతి, "మీ అందరికీ ఏ టైమ్ ఓకే?" అని గ్రూప్‌లో అడగకు, పదిమంది ఉంటే ఆరు టైమ్‌లు వస్తాయి, నువ్వు ఏది తీసుకున్నా మిగతావాళ్ళకి మన మాట వినలేదనిపిస్తుంది. నీకు పోయిన ఏడాది నుంచి తెలిసినవాళ్ళే కదా, ఎవరికి కష్టమవుతుందో ఆ ఇద్దరు ముగ్గురికి విడిగా ముందే ఫోన్ చేసి కనుక్కుని, అప్పుడు నిర్ణయించి గ్రూప్‌లో పెట్టు.

నేనైతే ఇలా రాస్తా:

"అందరికీ నమస్కారం. మార్చి 15 ఆదివారం మ్యాథ్స్ క్లాస్ లేదు. దాని బదులు మార్చి 11 బుధవారం సాయంత్రం 6 నుంచి 7:30 వరకు క్లాస్ ఉంటుంది, ఎప్పుడూ జరిగే చోటే.

16 సోమవారం పరీక్ష కదా, ముందురోజు క్లాస్ పెడితే వచ్చిన డౌట్లు ప్రాక్టీస్ చేసుకోవడానికి పిల్లలకి టైమ్ ఉండదు. అందుకే నాలుగు రోజులు ముందు పెడుతున్నాను. ఈ మార్పు ఈ ఒక్కసారికే. మార్చి 8 ఆదివారం క్లాస్ మామూలుగా పొద్దున 10కే ఉంటుంది.

బుధవారం రాలేని పిల్లల కోసం మార్చి 14 శనివారం పొద్దున 9 నుంచి 10 వరకు డౌట్స్‌కి ఉంటాను.

మీ అబ్బాయి లేదా అమ్మాయి పేరు రాసి, బుధవారం వస్తారో రారో సోమవారం, మార్చి 9 రాత్రిలోపు నాకు విడిగా మెసేజ్ చేయండి. వారం మధ్యలో మీకు ఇబ్బంది అవుతుందని తెలుసు, సారీ అండి."

చివరి పేరా గురించి ఒక మాట. గ్రూప్‌లోనే చెప్పమంటే ఓకేలూ బొటనవేళ్ళూ వరసగా పడతాయి, నీ మెసేజ్ పైకి వెళ్ళిపోతుంది, పైగా ఓకే అంటే చదివాం అనా, పంపిస్తాం అనా నీకు తెలీదు. పేరుతో విడిగా వస్తే నీ దగ్గర లిస్ట్ తయారవుతుంది. సోమవారం రాత్రికి ఎవరి దగ్గర్నుంచి రాలేదో వాళ్ళకి మంగళవారం ఫోన్ చెయ్యి, ఇంకో మెసేజ్ కాదు, ఫోన్. మొదటి మెసేజ్ చూడనివాళ్ళు రెండోది చూస్తారని గ్యారంటీ ఏముంది.

పంపాక తప్పు కనపడితే డిలీట్ చేసేసి ఊరుకోకు. అప్పటికే ఎవరో ఇంట్లో ఇంకొకరికి పంపేసి ఉంటారు, ఆ కాపీ అలాగే తిరుగుతుంది. "ఇందాక పంపిన మెసేజ్‌లో తేదీ తప్పు పడింది, సరైన తేదీ ఇది" అని మొదలుపెట్టి మొత్తం మెసేజ్ మళ్ళీ పంపు, ఒక్క తేదీ మాత్రమే పంపితే అది దేని గురించో తర్వాత చూసేవాళ్ళకి అర్థం కాదు.

బుధవారం మధ్యాహ్నం ఒక లైన్ పెట్టు, ఈరోజు, 11 బుధవారం, సాయంత్రం 6కి క్లాస్ అని. ఇది అందరూ గుర్తుపెట్టుకుని చేస్తారు. మర్చిపోయేది శనివారం రాత్రి పెట్టాల్సిన లైన్, ఎందుకంటే అప్పటికి క్లాస్ అయిపోయి ఉంటుంది, నీ మనసులో ఆ పని ముగిసిపోయి ఉంటుంది, పిల్లల కాళ్ళకి మాత్రం ఆదివారం పొద్దున 10 అంటే ట్యూషన్ అనే అలవాటు. ఆ రాత్రి "రేపు, మార్చి 15 ఆదివారం, క్లాస్ లేదు" అని పెట్టి, ఆదివారం పొద్దున తలుపు మీద కూడా ఒక కాగితం అతికించు, సోమవారం పరీక్షకి ఏ డౌట్ ఉన్నా ఫోన్ చేయమని దాని మీదే రాసి.

మీ అక్క