సీఎంఎల్: రోజుకొక మాత్ర ఎలా సరిపోతుంది, ఎందుకు మానకూడదు

ప్రశ్న: మా అన్నయ్యకు సీఎంఎల్ అని తేలింది. కీమో అక్కర్లేదు, రోజుకొక మాత్ర వేసుకుంటే చాలని డాక్టరు అంటున్నారు. రక్త క్యాన్సర్‌కు ఒక్క మాత్ర ఎలా సరిపోతుంది? రిపోర్టులు బాగుంటే మానేయవచ్చా?

జవాబు:

నేనూ ఈ జబ్బు ఉన్నవాణ్ణే. చాలా ఏళ్లుగా ఇమాటినిబ్ అనే మాత్ర వాడుతున్నాను. డాక్టరు చెప్పింది నిజమే, మిమ్మల్ని ఊరడించడానికి చెప్పిన మాట కాదు. కాకపోతే ఈ మాత్ర జబ్బును అణచి ఉంచుతుంది, చాలామందిలో వేళ్లతో సహా పెకలించదు. ఎందుకో అర్థమైతే మానడం గురించిన ప్రశ్నకు కూడా జవాబు దొరుకుతుంది.

చాలా క్యాన్సర్లలో కణం దారి తప్పడానికి ఎన్నో జన్యువుల్లో లోపాలు పేరుకుపోయి ఉంటాయి. సీఎంఎల్ తొలిదశలో జబ్బు దాదాపుగా ఒకే ఒక్క లోపం మీద నిలబడి ఉంటుంది. ఎముక మజ్జలోని ఒక మూలకణంలో 9వ క్రోమోజోము, 22వ క్రోమోజోము తెగి, ముక్కలు తారుమారై అతుక్కుంటాయి. 9వ దాని మీద ఉండాల్సిన ఏబీఎల్ జన్యువు వెళ్లి 22వ దాని మీది బీసీఆర్ జన్యువుకు అతుకుతుంది. పొట్టిగా మారిన ఆ 22వ క్రోమోజోమును 1960లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫోర్డ్ గుర్తించారు. అందుకే దానికి ఆ ఊరి పేరు వచ్చింది. అది రెండు క్రోమోజోముల మధ్య జరిగిన మార్పిడి అని 1973లో జానెట్ రౌలీ తేల్చారు. ఇది పుట్టుకతో వచ్చేది కాదు, పిల్లలకు సంక్రమించేదీ కాదు. మా ఇంట్లో అందరూ మొదట అడిగింది ఇదే కాబట్టి చెబుతున్నాను.

ఏబీఎల్ తయారుచేసే ప్రొటీన్ ఒక ఎంజైము. కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు నుంచి ఫాస్ఫేటును తీసుకుని ఇతర ప్రొటీన్లకు తగిలిస్తుంది. కణానికి అది ‘విభజించుకో’ అనే ఆదేశం. మామూలుగా ఈ ఎంజైము అవసరమైనప్పుడే పనిచేసి ఆగిపోతుంది. బీసీఆర్‌తో అతుక్కున్నాక, దాన్ని ఆపి ఉంచే కొస పోతుంది. పైగా బీసీఆర్ ముక్క ఈ ప్రొటీన్లను ఒకదానితో ఒకటి జత చేసి ఎప్పుడూ పనిచేస్తూనే ఉండేలా చేస్తుంది. తెల్ల కణాలు అంతు లేకుండా పుట్టుకొస్తాయి. 11,000 దాటకూడని లెక్క నాకు 1,80,000 ఉంది. ఎడమవైపు పక్కటెముకల కింద బరువుగా అనిపించేది, ప్లీహం వాచింది మరి.

ఇమాటినిబ్ చేసే పని ఒక్కటే. ఆ ఎంజైములో ఏటీపీ కూర్చునే గుంటలోకి దూరి, దాన్ని పనిచేయని ఆకారంలోనే పట్టి ఉంచుతుంది. మందు రాకముందు తొలిదశ రోగులు సాధారణంగా నాలుగైదేళ్లు బతికేవారు. జబ్బు ముదిరి తీవ్ర దశకు చేరితే నెలలే. తగిన దాత దొరికితే మజ్జ మార్పిడి, లేకపోతే ఇంటర్‌ఫెరాన్ సూదులు, అంతకు మించి పెద్దగా దారి ఉండేది కాదు. 1998లో బ్రయాన్ డ్రూకర్ బృందం తొలి పరీక్ష మొదలుపెట్టింది. రోజుకు 300 మిల్లీగ్రాములు, అంతకు మించి తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్త కణాల లెక్క మామూలు స్థాయికి వచ్చింది. 2001లో అమెరికాలో అనుమతి లభించింది. ఇమాటినిబ్‌తో మొదలుపెట్టిన రోగులను పెద్ద అధ్యయనంలో గమనిస్తే, పదేళ్ల తర్వాత సుమారు 83 శాతం మంది బతికి ఉన్నారు. జబ్బు ముదిరాక కణాల్లో వేరే లోపాలూ చేరతాయి కాబట్టి అప్పుడు ఇదే మాత్ర ఎక్కువ కాలం పనిచేయదు. మీ అన్నయ్యది తొలిదశలోనే పట్టుబడిందంటే అది పెద్ద అదృష్టం.

ఇక రిపోర్టుల సంగతి. నెల తిరక్కుండానే తెల్ల కణాలు మామూలైతే ఇంట్లో అందరూ తేలికపడతారు. ఆ లెక్క చూసి నిర్ణయాలు తీసుకోకండి. చూడాల్సింది పీసీఆర్ పరీక్ష. రక్తంలో ఆ అతుకు జన్యువు తాలూకు ఆర్ఎన్ఏ ఎంత మిగిలిందో అది శాతంలో చెబుతుంది. అంతర్జాతీయ కొలమానం ప్రకారం ఇచ్చారో లేదో చూసుకోండి, వీలైనంతవరకు ఒకే ల్యాబులో చేయించండి. మూడు నెలలకు 10 శాతం లోపు, ఆరు నెలలకు 1 శాతం లోపు, ఏడాదికి 0.1 శాతం లోపు రావాలన్నది గురి. నాకు వరుసగా 6.2, 0.9, 0.07 వచ్చాయి. 0.1 అంటే మొదట్లో ఉన్నదానిలో వెయ్యో వంతు. జబ్బు బయటపడేనాటికి లక్ష కోట్ల క్యాన్సర్ కణాలు ఉండవచ్చని ఒక ఉజ్జాయింపు లెక్క. అందులో వెయ్యో వంతు అంటే ఇంకా వంద కోట్లు! పైగా మజ్జలో నిద్రాణంగా ఉన్న మూలకణాలు బతకడానికి ఈ ఎంజైము మీద ఆధారపడవు. అందుకే మాత్ర వాటిని చంపలేదు. కొందరు వారానికి ఒకటి రెండు మాత్రలు వదిలేసినా ఫర్వాలేదనుకుంటారు. మందు రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు 18 గంటలే పడుతుంది. మాత్రలు వాడే తీరును లెక్కించిన ఒక అధ్యయనంలో, 90 శాతానికి మించి సరిగా వేసుకున్నవారిలో దాదాపు అందరూ 0.1 శాతం గురిని అందుకున్నారు. అంతకంటే తగ్గినవారిలో మూడో వంతు కూడా అందుకోలేదు.

మాత్ర ఒక్కటీ వదలకపోయినా అంకె పెరగవచ్చు. నాకు 0.03 దాకా దిగిన అంకె ఒకసారి 0.9 అయింది. అప్పటికి మెడలోని గడ్డకు క్షయ మందులు మొదలయ్యాయి. రాసిన డాక్టరుకు నా ఇమాటినిబ్ సంగతి తెలుసు, కానీ ఆ రెండింటి పొత్తు కుదరదని పట్టించుకోలేదు. మా రక్తవ్యాధుల డాక్టరు రిపోర్టు చూడగానే ‘కొత్తగా ఏ మందు వేసుకుంటున్నావు?’ అని అడిగారు. క్షయ మందుల్లో రిఫాంపిసిన్ ఉంది. అది కాలేయంలోని ఎంజైములను రెచ్చగొట్టి ఇమాటినిబ్‌ను వేగంగా విరగ్గొట్టిస్తుంది. శరీరానికి అందే మందు నాలుగో వంతుకు పడిపోతుంది. అయినా మా డాక్టరు అంతటితో ఊరుకోకుండా, ఆ అతుకు జన్యువులో కొత్త మార్పు వచ్చిందేమో చూసే మ్యుటేషన్ పరీక్ష కూడా చేయించారు. టీ315ఐ అనే మార్పు వస్తే మందు కూర్చునే గుంట ఆకారమే మారిపోయి ఇమాటినిబ్ పట్టదు. అప్పుడు పొనాటినిబ్ గానీ అసిమినిబ్ గానీ వాడాలి. నాకు అలాంటిదేమీ లేదు. డాక్టర్లిద్దరూ మాట్లాడుకుని క్షయ మందులు మార్చారు, తర్వాతి రెండు పరీక్షల్లో అంకె మళ్లీ దిగింది. అందుకని ఏ కొత్త మందైనా, చివరికి మూలికా మందైనా, ముందు రక్తవ్యాధుల డాక్టరుకు చెప్పండి. దబ్బపండు జాతికి చెందిన గ్రేప్‌ఫ్రూట్ కూడా వద్దు.

మానేయడం కొందరికి సాధ్యమే. మందు మొదలుపెట్టి కొన్నేళ్లు గడిచి, అంకె 0.01 శాతం లోపు కనీసం రెండేళ్లు నిలకడగా ఉంటే డాక్టరు ప్రయత్నించవచ్చు. మానాక మొదటి ఆరు నెలలు నెలనెలా పీసీఆర్ చేయించాలి, జబ్బు తిరిగి వచ్చేది ఎక్కువగా అప్పుడే. సుమారు సగం మందిలో తిరిగి వస్తుంది. మాత్ర మళ్లీ మొదలుపెడితే దాదాపు అందరిలోనూ అదుపులోకి వస్తుంది. మన ఇష్టానికి మానుకుని, పరీక్ష చేయించుకోకుండా ఉండటం మాత్రం వేరే సంగతి. అందులో జబ్బు ముదిరేదాకా తెలియకపోవచ్చు.

మాత్ర భోజనం అయ్యాక పెద్ద గ్లాసు నీళ్లతో వేసుకోమనండి, కడుపులో తిప్పడం తగ్గుతుంది. పొద్దున్నే కనురెప్పలు ఉబ్బడం, రాత్రిళ్లు పిక్కలు పట్టేయడం చాలామందికి ఉంటాయి. మరీ ఇబ్బందిగా ఉంటే డాక్టరు మోతాదో మందో మారుస్తారు. మూడు నెలల పీసీఆర్ రిపోర్టు వచ్చాక అంకె ఇక్కడ రాయండి, దాన్ని బట్టి డాక్టరును ఏమి అడగాలో నాకు తెలిసినంతవరకు చెబుతాను.