ఆమేన్ పక్కన తథాస్తు ఎందుకు?

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. ప్రార్థన కూటం సీను బాగా వచ్చింది, ఒక్క వాక్యం తప్ప: "ఆమేన్ అంది ముసలావిడ. అంటే తథాస్తు అని." ఆ రెండో ముక్క కొట్టెయ్.

తథాస్తు ఇచ్చేవాడి మాట. వరం అడిగినవాడితో దేవుడు అంటాడు. ఇంట్లో పిల్లలు చెడ్డమాట అంటే "తథాస్తు దేవతలుంటారురా" అని అమ్మ కసురుతుంది కదా, ఆ దేవతలూ పైవాళ్లే. ఆమేన్ కింద నిలబడి విన్నవాళ్ల మాట. హీబ్రూలో దాని ధాతువుకి గట్టిగా నిలవడం, ఆనుకోదగ్గట్టు ఉండడం అని అర్థం. విశ్వాసానికి ఆ భాషలో వాడే 'ఎమూనా' దాన్నుంచే వచ్చింది. బైబిల్లో రూతు కథ చివర ఆమె అత్త నయోమి పసివాణ్ణి ఒళ్లోకి తీసుకుని దాది అవుతుంది. ఆ దాది అన్న మాట 'ఒమెనెత్' కూడా ఈ ధాతువుదే. బిడ్డ బరువు ఆనే ఒడి అన్నమాట.

ద్వితీయోపదేశకాండం 27వ అధ్యాయం తీసి చూడు. లేవీయులు 12 శాపాలు చదువుతారు. పొరుగువాడి సరిహద్దు రాయి జరిపినవాడు శాపగ్రస్తుడు అనగానే జనమంతా ఆమేన్ అనాలి. గుడ్డివాణ్ణి దారి తప్పించినవాడు అనగానే మళ్లీ ఆమేన్. రేపు నేనే ఆ రాయి జరిపితే ఇది నాకూ తగలాలి అని ఒప్పుకోవడం అది. తథాస్తులో ఈ పూచీ లేదు.

అనువాదకులు కూడా ఇక్కడ తడబడ్డారు. 106వ కీర్తన ఆఖరి వచనంలో నీ కథలోని ఆమేన్, హల్లెలూయ రెండూ పక్కపక్కనే ఉన్నాయి: జనమంతా ఆమేన్ అనాలి, హల్లెలూయ. క్రీస్తుకు ముందే దీన్ని గ్రీకులోకి మార్చినవాళ్లు ఆమేన్‌ని 'గెనోయితో' అన్నారు, అంటే అలా జరుగుగాక అని. హల్లెలూయని మాత్రం అనువదించకుండా వదిలేసి, తర్వాతి కీర్తనకి తలకట్టుగా పెట్టారు. ఇదే పాట దినవృత్తాంతాల మొదటి గ్రంథం 16వ అధ్యాయంలో మళ్లీ వస్తుంది. అక్కడి గ్రీకులో ఆమేన్ ఆమేన్‌గానే ఉంది! మన పాత తెలుగు బైబిలు కీర్తనలో సరిగ్గా తిరగేసింది: ఆమేన్ ఉంచి, హల్లెలూయ చోట "యెహోవాను స్తుతించుడి" అంది. అయినా పాటల్లోంచి హల్లెలూయ వచ్చి కూర్చుంది. జనం నోటికి పట్టిన మాటను అనువాదం ఆపలేదు.

ఆ "స్తుతించుడి" మాత్రం అచ్చంగా సరిపోయింది. 'హల్లెలూ' అంటే 'మీరంతా స్తుతించండి', బహువచనంలో పిలుపు. 'యా' అన్నది యెహోవా పేరుకు పొట్టి రూపం. యెషయా, యిర్మీయా పేర్ల చివర వినబడేది అదే. కాబట్టి నీ కథలో కూలివాడు ఒంటరిగా పొలంలో హల్లెలూయ అన్నప్పుడు, వ్యాకరణం ప్రకారం ఎవరినో పిలుస్తున్నాడు. అలవాటుగా అన్నాడనుకో, తప్పు లేదు. కానీ ఎవరూ లేని పొలంలో బహువచనం ఎంత బాగుంటుందో చూడు. నువ్వు దాన్ని వాడుకోలేదు.

కొందరు 'అల్లెలూయ' అంటారు, అది తప్పు పలకడం కాదు. గ్రీకు అక్షరమాలలో 'హ' కి అక్షరం లేక మొదటి శబ్దం రాతలో జారిపోయింది, లాటిన్ దాన్నే తీసుకుంది. ముస్లింలు ఖురాన్ మొదటి అధ్యాయం ఫాతిహా చివర అనే ఆమీన్ కూడా మన ఆమేన్‌కి చుట్టమే. ఇక ఆమేన్, ఓం ఒక్కటేనని నువ్వు పెట్టిన ఫుట్‌నోట్ తీసెయ్. చెవికి దగ్గరగా ఉండడం తప్ప రెంటికీ సంబంధం లేదు. వాట్సాప్ చుట్టరికం అది.

మూడో పేజీ గురించి ఒక మాట. కుర్రాడు ఆలస్యంగా వచ్చి, గుమ్మంలో చెప్పులు విప్పుతూనే అందరితో కలిసి ఆమేన్ అంటాడు. యూదుల ధర్మచర్చల గ్రంథం తల్మూదులో దీనికి పేరే ఉంది: అనాథ ఆమేన్. ఏ దీవెనకు జవాబో వినకుండా అన్న ఆమేన్, తల్లీతండ్రీ లేని మాట. అలా అనకూడదంటారు. అదే తల్మూదు అలెగ్జాండ్రియాలోని పెద్ద ప్రార్థనాలయం గురించి కూడా చెబుతుంది. అది ఎంత పెద్దదంటే వెనకవాళ్లకు గొంతు అందేది కాదట. మధ్యలో వేదిక మీద ఒకడు గుడ్డ ఊపితే జనమంతా ఆమేన్ అనేవారట. మరి అది అనాథ కాదా అని తర్వాతి పండితులు కొట్టుకున్నారు. గొంతు వినబడకపోయినా ఏ దీవెన నడుస్తోందో వాళ్లకు తెలుసు కాబట్టి ఫర్వాలేదన్నది ఒక జవాబు.

నీ కుర్రాడికి లోపల ఏం ప్రార్థన జరుగుతోందో తెలుసా? వాళ్ల నాన్న అప్పు గురించే కదా అది. తెలిసి అన్నాడా, తెలియక అన్నాడా అన్నది నువ్వు తేల్చుకుని మళ్లీ రాసి పంపు.

అన్నయ్య