కొలువు మెట్లు కొనేముందు హాలును అంగుళాల్లో గీయండి

ప్రశ్న: దసరాకి ఐదు మెట్ల బొమ్మల కొలువు స్టాండు కొందామనుకుంటున్నాం. మా హాలు 10 అడుగులు బై 14 అడుగులు. ఫోన్‌తో గదిని స్కాన్ చేసే ఫ్రీ యాప్‌లో పెట్టి చూస్తే, సోఫాకి ఎదురుగా పొడుగు గోడకి సరిపోయినట్టే కనిపిస్తోంది. ఆర్డర్ పెట్టేయొచ్చా?

జవాబు: ఆగండి. పండగ దగ్గర పడితే చాలు, "యాప్‌లో పట్టింది, ఇంట్లో పట్టలేదు" అనే ఫిర్యాదు తప్పకుండా వస్తుంది. ఈ యాప్‌లు కెమెరాకి కనిపించే గుర్తుల్ని పట్టుకుని దూరాన్ని అంచనా వేస్తాయి. మన ఇళ్ళలో మెరిసే టైల్స్, ఒకే రంగు సున్నం గోడలు. పట్టుకోవడానికి అక్కడ గుర్తులే ఉండవు, పైగా నేల మీద ట్యూబ్‌లైట్ ప్రతిబింబం. రెండు మూడు అంగుళాల తేడా ఇట్టే వచ్చేస్తుంది. సోఫా విషయంలో అది పెద్ద లెక్క కాదు గానీ, మనిషి నడిచే దారిలో మూడు అంగుళాలంటే ఎక్కువే.

టేపు తీసుకోండి, కంప్యూటర్‌లో లిబ్రేఆఫీస్ వేసుకోండి. అందులో బొమ్మలు గీసుకునే డ్రా అనే ప్రోగ్రాం ఉచితం, నెట్ లేకపోయినా పనిచేస్తుంది. స్కేలు లెక్కల జోలికి పోకుండా ఒక్క ఉపాయం చాలు: అంగుళానికి ఒక మిల్లీమీటరు. టేపు మీద ఎన్ని అంగుళాలు వస్తే అన్ని మిల్లీమీటర్లు కొట్టడమే. మీ హాలు 168 బై 120 అవుతుంది, ఎ4 కాగితంలో సుఖంగా ఇమిడిపోతుంది. Tools → Options → LibreOffice Draw → General లో యూనిట్‌ని Millimeter చేసుకోండి. ఒక దీర్ఘచతురస్రం గీసి, F4 నొక్కితే Position and Size పెట్టె తెరుచుకుంటుంది. Width దగ్గర 168, Height దగ్గర 120 కొట్టండి. మౌస్‌తో లాగి సరిచేద్దామనుకోవద్దు. గోడలు కుదిరాక అదే పెట్టెలో Protect కింద Position, Size రెండూ టిక్ చేస్తే, తర్వాత చెయ్యి తగిలినా గది కదలదు.

గోడల కొలత నేల దగ్గరే తీసుకోండి. స్కర్టింగ్ టైలు ముందుకు పొడుచుకుని ఉంటుంది, స్టాండు ఆనేది దానికే. తర్వాత మూల నుంచి మూలకి టేపు పట్టండి. 168 బై 120 గదికి ఐమూలగా 206 అంగుళాల పైన అర రావాలి. ఒకవైపు 208, ఇంకోవైపు 205 వచ్చాయంటే గోడలు మూలమట్టానికి లేవు, స్టాండు వెనక ఓ పక్క సందు మిగులుతుంది.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. అమ్మేవాళ్ళు "5 స్టెప్స్, 4 అడుగులు" అని రాసి ఊరుకుంటారు. ఆ నాలుగు అడుగులు వెడల్పే. అడగాల్సింది ఒక్కో మెట్టు లోతెంత, ఎత్తెంత అని. లోతు 10, ఎత్తు 9 అంగుళాలు అనుకుందాం. ఐదు మెట్లకి లోతు 50 అవుతుంది. వెనక ప్లగ్గుకీ బట్టకీ 4, ముందు ముగ్గుకీ దీపానికీ 18 కలిపితే గోడ నుంచి 72. ఎదురుగా సోఫా లోతు 34 అనుకున్నా మొత్తం 106. మీ గది అడ్డం 120. మిగిలింది 14 అంగుళాలు! పేరంటానికి వచ్చినవాళ్ళు ఒకరి వెనక ఒకరు పక్కకి తిరిగి నడవాలి, తాంబూలం పళ్ళెంతో అయితే అదీ కుదరదు. యాప్‌లో "సరిపోయింది" అంటే స్టాండు పట్టిందని మాత్రమే, మనుషులు పడతారని కాదు.

అదే స్టాండుని పొట్టి గోడకి జరపండి. 168లో 72 పోగా 96 మిగులుతుంది. 78 అంగుళాల సోఫా పొడుగు గోడ పక్కనే ఉన్నా దాని ముందు 86 అంగుళాల ఖాళీ వస్తుంది, జంపఖానా పరవడానికి చాలు. అయితే తలుపుల్ని మరిచిపోకండి. 30 అంగుళాల తలుపుకి 30 వ్యాసార్ధంతో పావు వృత్తం గీయండి. అందులోకి స్టాండు మూల గానీ సోఫా చెయ్యి గానీ వస్తే తలుపు పూర్తిగా తెరుచుకోదు.

రెండో పేజీలో పక్క నుంచి చూసినట్టు మెట్లు గీయండి. ఎవరూ చెయ్యని పని ఇదే, ఎక్కువ ఉపయోగపడేదీ ఇదే. జంపఖానా మీద కూర్చున్నవాళ్ళ కన్ను నేల నుంచి 30 అంగుళాలు, మొదటి మెట్టుకి 48 అంగుళాల దూరం అనుకుని అక్కడ చుక్క పెట్టండి. నాలుగో మెట్టు మధ్యలో 12 అంగుళాల బొమ్మ గీసి, కంటి నుంచి దాని తల మీదుగా గీత సాగదీయండి. ఐదో మెట్టు బొమ్మకి కింది 5 అంగుళాలు కనిపించవు. నిలబడి చూస్తే 2 అంగుళాలే పోతాయి. కాబట్టి పై మెట్టు మీద చిన్న మట్టి బొమ్మలు పెట్టదలిస్తే, వాటి ముందు పొడుగు బొమ్మ పెట్టకూడదు. పెడితే కూర్చున్నవాళ్ళకి ఆ వరుస లేనట్టే.

కొలతల సంగతి అలా ఉంచండి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ భయపెట్టింది ఆ స్కాన్. గది స్కాన్ అంటే ఇంటి తలుపెక్కడ, కిటికీ గ్రిల్ ఎలాంటిది, బీరువా ఏ మూల ఉంది, దేవుడి దగ్గర వెండి సామాను ఎంత అన్నీ ఉన్న పటం. ఇలాంటి యాప్‌లు కొన్ని దాన్ని తమ సర్వర్‌కి పంపుతాయి. అందరికీ కనిపించే గ్యాలరీలో పెట్టే బటన్‌ని ముందే ఆన్‌లో ఉంచేవీ ఉన్నాయి. ముందు యాప్‌లోకి వెళ్ళి ఆ స్కాన్‌ని, అకౌంట్‌నీ తొలగించండి, ఆ తర్వాతే అన్‌ఇన్‌స్టాల్ చేయండి. యాప్ తీసేసినంత మాత్రాన సర్వర్‌లో ఉన్నది పోదు. ఇకమీదట ఏ డిజైన్ యాప్ ఫోటోలు అడిగినా మొత్తం గ్యాలరీ ఇవ్వొద్దు. ఆండ్రాయిడ్ 14 నుంచి ఎంచుకున్న ఫోటోలు మాత్రమే ఇచ్చే వీలుంది. లొకేషన్ అయితే గది కొలతకి అవసరమే లేదు, అడిగిందంటేనే అనుమానించాలి. బంధువులకి చూపించాలంటే గీసిన ప్లాన్‌ని పీడీఎఫ్ చేసి పంపండి, బీరువా ఉన్న చోట ఖాళీ పెట్టె చాలు. గది ఫోటోనే పంపాలనుకుంటే వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపకండి. అలా పంపితే ఫోటోలో దాగిన లొకేషన్ వివరాలు కూడా వెళ్ళిపోతాయి.

లిబ్రేఆఫీస్‌ని కూడా libreoffice.org నుంచే దింపుకోండి. వెతికితే పైన ప్రకటనగా వచ్చే సైట్లని నొక్కొద్దు.

ఇక ఈ డిజైన్ యాప్‌లు తయారుచేసేవాళ్ళకి ఒక మాట. పండగ అని కొడితే క్రిస్మస్ చెట్టూ, నిప్పుగూడూ వస్తాయి. పీట లేదు, కొలువు మెట్లు లేవు, గుమ్మానికి తోరణం లేదు. వస్తువు కొలత టైప్ చేద్దామంటే చోటుండదు, వేలితో లాగాలి. అంకెలు చూపించాలంటే "ప్రో"కి మారమంటుంది. ఏడు రోజులు ఫ్రీ అని ఆటోపే ఒప్పించుకుని ఎనిమిదో రోజు డబ్బు లాగేసుకునేవి మరీ అన్యాయం. యాప్ తీసేస్తే అది ఆగదు. ప్లే స్టోర్‌లో Payments & subscriptions లోకి వెళ్ళి రద్దు చేయాలి. మీరు కూడా ట్రయల్ నొక్కి ఉంటే, స్టాండు సంగతి తర్వాత, ముందు ఆ పని చూడండి.